జనరల్ బాడీ మీటింగ్ నోటీసు: వారం, తేదీ, సమయం తప్పు పోకుండా ఎలా రాయాలి

మెయింటెనెన్స్ పెంచాలన్నా, లిఫ్ట్ మార్పించాలన్నా, కొత్త కమిటీని ఎన్నుకోవాలన్నా అపార్ట్‌మెంట్ సంఘానికి జనరల్ బాడీ తీర్మానం కావాలి. ఆ తీర్మానం నచ్చనివాళ్లు తర్వాత అభ్యంతరం చెప్పాలనుకుంటే మొదట పట్టుకునేది తీర్మానాన్ని కాదు, నోటీసును. "నాకు టైముకు అందలేదు", "ఆదివారం అన్నారు, తేదీ చూస్తే సోమవారం ఉంది", "ఏడు గంటలంటే పొద్దునా, సాయంత్రమా?" అని అడుగుతారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి నిజమైనా, రెండు గంటలు కూర్చుని అందరూ ఒప్పుకున్న విషయం మళ్లీ మొదటికొస్తుంది. నోటీసులో మర్యాద వాక్యాలు తక్కువైనా ఫరవాలేదు కానీ వారం, తేదీ, సమయం మాత్రం ఎవరు చదివినా ఒకేలా అర్థం కావాలి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే చెబుతాను.

ఒక ఉదాహరణ పెట్టుకుని వెళ్దాం. అనంతపురంలో 36 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 22 ఫ్లాట్లలో ఓనర్లే ఉంటున్నారు. 8 ఫ్లాట్లు బాడుగకు ఇచ్చారు, వాటి ఓనర్లు ఊళ్లోనే వేరే చోట ఉన్నారు. మిగతా 6 ఫ్లాట్ల ఓనర్లు బెంగళూరు, హైదరాబాద్, అమెరికాల్లో ఉన్నారు. మీరు సెక్రటరీ. 2025-26 లెక్కలు ఆడిట్ అయ్యాయి, ఇక వార్షిక సర్వసభ్య సమావేశం పెట్టాలి.

ముందు బైలాస్ తెరవండి

మన రాష్ట్రంలో చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. కొన్ని 1964 సహకార సంఘాల చట్టం కింద, కొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. మీది ఏదో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీదే రాసి ఉంటుంది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు వారం రోజుల నోటీసుతో మీటింగ్ పెట్టారు కదా అని మీరూ అలాగే పెట్టకండి. వాళ్ల బైలాస్ వేరు, మీవి వేరు.

బైలాస్‌లో నాలుగు సంగతులు వెతికి ఒక కాగితం మీద రాసుకోండి. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఏ పద్ధతిలో ఇవ్వాలి, కోరం ఎంత, అంటే మీటింగ్ చెల్లాలంటే కనీసం ఎంత మంది సభ్యులు రావాలి, కోరం లేకపోతే వాయిదా మీటింగ్ ఎప్పుడు. మన ఉదాహరణలోని సంఘానికి ఇలా ఉందనుకుందాం: 14 నిండు రోజుల నోటీసు, చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి లేదా పోస్టులో పంపాలి, కోరం మూడో వంతు, అంటే 12 మంది, మీటింగ్ టైము దాటి అరగంటైనా కోరం రాకపోతే వచ్చే వారం అదే వారం నాడు, అదే సమయానికి, అదే చోట వాయిదా సమావేశం.

సెక్రటరీ తనంతట తాను తేదీ వేసేయడం చాలా సంఘాల్లో కుదరదు. కమిటీ కూర్చుని, తేదీ నిర్ణయించి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఆ కమిటీ మీటింగ్ తేదీనే నోటీసు మొదటి వాక్యంలో చూపిస్తారు. అది లేకపోతే "ఎవరిని అడిగి పిలిచారు?" అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

తేదీ ఎంచుకునేటప్పుడు రెండు ఆదివారాలు చూడండి

అందరికీ వీలయ్యేది ఆదివారమే, అందులో అనుమానం లేదు. అయితే ఒక్క ఆదివారం చూసుకుంటే చాలదు. కోరం రాకపోతే మీటింగ్ జరిగేది ఆ తర్వాతి ఆదివారం. కాబట్టి రెండూ ఖాళీగా ఉండాలి.

2026 జూన్, జులై నెలల క్యాలెండర్ ముందు పెట్టుకుందాం. జూన్ 28 ఆదివారం. ఆ వారంలోనే పీర్ల పండగ వస్తుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. మన జిల్లాలో పీర్ల పండగంటే ఒక్క ముస్లింల ఇళ్లకే పరిమితం కాదని మీకు తెలుసు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరకు వెళ్లేవాళ్లు, సొంత ఊళ్లో అగ్నిగుండం చూడటానికి వెళ్లేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. పైగా మరుసటి రోజు, జూన్ 29 సోమవారం, ఏరువాక పున్నమి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు శనివారమే బయలుదేరతారు. జూన్ 28 కుదరదు.

మరి జూన్ 21? ఆ రోజు బాగానే ఉంది. కానీ ఆ రోజు 12 మంది రాకపోతే వాయిదా పడేది జూన్ 28కే. కాబట్టి అదీ వద్దు.

జులై 5 ఆదివారం, దాని వెనక జులై 12 ఆదివారం. రెండింటికీ అడ్డేమీ లేదు. అవే ఖాయం చేద్దాం.

ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి. తేదీ ఖాయమైన వెంటనే గోడ క్యాలెండర్‌లోనూ, ఫోన్‌లోనూ ఆ తేదీకి ఏ వారం వస్తుందో చూడండి. ఫోన్‌లో సంవత్సరం కూడా సరిచూడండి. పోయినేడాది నోటీసు ఫైలు తెరిచి, తేదీ మార్చి, వారం మార్చడం మరిచిపోవడం వల్లే తేదీకీ వారానికీ పొంతన కుదరని నోటీసులు ఎక్కువగా వస్తుంటాయి. జులై 5 నిరుడు శనివారం, ఈ ఏడాది ఆదివారం. పాత ఫైలును అలాగే దింపితే "05-07-2026, శనివారం" అని అచ్చవుతుంది. కొందరు శనివారం దిగొస్తారు, కొందరు ఆదివారం వస్తారు.

14 నిండు రోజులు ఎలా లెక్కపెట్టాలి

"నిండు రోజులు" అని గానీ, ఇంగ్లీషు బైలాస్‌లో "క్లియర్ డేస్" అని గానీ ఉంటే నోటీసు అందిన రోజునూ, మీటింగ్ రోజునూ లెక్కలోకి తీసుకోకూడదు. ఆ రెండింటి మధ్యలో 14 పూర్తి రోజులు ఉండాలి.

వెనక నుంచి లెక్కపెట్టండి, సులువుగా ఉంటుంది. మీటింగ్ జులై 5, అది వదిలేయండి. జులై 4 నుంచి జులై 1 వరకు 4 రోజులు. జూన్ 30 నుంచి జూన్ 21 వరకు 10 రోజులు. మొత్తం 14. అంటే నోటీసు జూన్ 20 శనివారం లోపు సభ్యుల చేతిలో ఉండాలి. జూన్ 21 ఆదివారం, అందరూ ఇంట్లో ఉంటారు కదా అని ఆ రోజు పంచితే మధ్యలో 13 రోజులే మిగులుతాయి. జులై 5లో నుంచి 14 తీసేస్తే జూన్ 21 వస్తుంది కాబట్టి అది చాలని చాలామంది అనుకుంటారు. ఆ ఒక్క రోజు తేడాతోనే నోటీసు చెల్లదని వాదించే వీలు దొరుకుతుంది.

పోస్టులో పంపేవాళ్లకు ఇంకా ముందుగా కదలాలి. కొన్ని బైలాస్‌లు పోస్టు చేసిన రోజు నుంచి లెక్కిస్తాయి, కొన్ని అందిన రోజు నుంచి. స్పష్టంగా లేకపోతే అందిన రోజే అనుకుని పని చేయండి. బెంగళూరు, హైదరాబాద్‌లకు జూన్ 12 శుక్రవారమే స్పీడ్ పోస్ట్ చేస్తే, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా జూన్ 20 లోపు చేరుతుంది. అందుకే నోటీసు మీద తేదీ కూడా జూన్ 12 అనే వేద్దాం. జూన్ 12 తేదీ నోటీసును 18న, 19న పంచినా తప్పు లేదు. జూన్ 18 తేదీ వేసిన నోటీసు 12న పోస్టు చేశామంటే మాత్రం ఎవరూ నమ్మరు.

సమయం: ఉదయమా, సాయంత్రమా

సమయం ఎంచుకునేటప్పుడు ఎవరు రాలేకపోతారో ముందు ఆలోచించండి. బెంగళూరులో పనిచేసే ఓనర్లు శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం రైలుకో, బస్సుకో వెళ్లిపోతారు. సాయంత్రం 5 గంటలకు మీటింగ్ పెడితే వాళ్లలో సగం మంది స్టేషన్‌లో ఉంటారు. పైగా ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు రాహుకాలం. కొత్త కమిటీ ఎన్నిక ఉంటే ఆ మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, మీటింగ్ రోజు ఆ చర్చ మొదలయ్యే కంటే ముందే తప్పించుకోవడం మేలు. ఉదయం 10 గంటలైతే టిఫిన్లు అయిపోతాయి, మధ్యాహ్నం భోజనం టైముకు మీటింగ్ కూడా ముగుస్తుంది.

చోటు విషయంలో ఒక మాట. జులైలో అనంతపురం గాలి సంగతి తెలిసిందే. మిద్దె మీద పెడితే లెక్కల కాగితాలు పట్టుకోవడమే పనైపోతుంది, మైకులో గాలి శబ్దం తప్ప మాట వినపడదు. సెల్లార్ పార్కింగ్‌లో పెట్టండి, ఆ రోజు ఉదయం 9 గంటలకల్లా బండ్లు తీయమని నోటీసులోనే రాయండి.

రాసేటప్పుడు "10 గంటలకు" అని మాత్రమే వదిలేయకండి. "ఉదయం 10.00 గంటలకు" అని రాయండి. "7 గంటలకు" అంటే మన ఇళ్లల్లో పొద్దునకూ సరిపోతుంది, సాయంత్రానికీ సరిపోతుంది. "12 గంటలకు" అన్నది ఇంకా ఇబ్బంది, దానికి "మధ్యాహ్నం" అన్న మాట తప్పనిసరి. "పదిన్నర ప్రాంతంలో", "టిఫిన్ అయ్యాక" లాంటివి వాట్సాప్‌లో పనికొస్తాయి, నోటీసులో పనికిరావు. కోరం కోసం అరగంట చూడాలన్న లెక్క మొదలయ్యేది నోటీసులో వేసిన నిమిషం నుంచే. ఆ నిమిషం తెలియకపోతే 10.30కి వాయిదా వేయాలో, 11కి వేయాలో మీకే తెలియదు.

అమెరికాలో ఉన్న ఓనర్‌ను ఆన్‌లైన్‌లో చేర్చుకోవడానికి మీ బైలాస్ ఒప్పుకుంటే "భారత కాలమానం ప్రకారం" అన్న మాట చేర్చండి. మనకు జులై 5 ఆదివారం ఉదయం 10 గంటలంటే డల్లాస్‌లో ఉన్నవాళ్లకు అది జులై 4 శనివారం రాత్రి 11.30. వాళ్లకు తేదీ, వారం రెండూ మారిపోతాయి. ఈ సంగతి వాళ్లకు పంపే మెయిల్‌లో విడిగా ఒక వాక్యంలో రాస్తే చాలు, బోర్డు మీద నోటీసులో అక్కర్లేదు.

మూడూ ఒకే చోట, పెద్ద అక్షరాల్లో

05-07-2026 అని అంకెల్లో మాత్రమే రాస్తే మనకు జులై 5. అమెరికా లెక్కలో అది మే 7. మన ఉదాహరణలోనే అక్కడ ఒక ఓనర్ ఉన్నారు. అందుకని నెలను అక్షరాల్లో రాయండి: 2026 జులై 5. దాని పక్కనే వారం, దాని పక్కనే సమయం. ఈ మూడూ పేరాగ్రాఫ్ మధ్యలో ఇరికించకుండా విడిగా లైన్లలో, మిగతా అక్షరాల కంటే పెద్దగా ఉండాలి. లిఫ్ట్ కోసం నిలబడ్డ మనిషి చదివేది ఆ లైన్లే.

"వచ్చే ఆదివారం", "ఈ నెల 5న" అని ఎప్పుడూ రాయకండి. జూన్ 12న అచ్చు వేసిన నోటీసులో "ఈ నెల" అంటే జూన్ అవుతుంది. "వచ్చే ఆదివారం" అన్నది రాసిన రోజుకూ చదివిన రోజుకూ మారిపోతుంది.

వాయిదా మీటింగ్ తేదీ కూడా ఇదే నోటీసులో వేయండి, కానీ చిన్న అక్షరాల్లో, కింద. రెండు తేదీలు ఒకే సైజులో కనిపిస్తే కొందరు నేరుగా రెండో దానికే వద్దామనుకుంటారు.

ఇప్పుడు మొత్తం నోటీసు ఇలా ఉంటుంది.

………… అపార్ట్‌మెంట్ ఓనర్ల సంక్షేమ సంఘం, అనంతపురం
రిజిస్ట్రేషన్ నంబరు: …………
నోటీసు నంబరు: 2/2026-27
తేదీ: 2026 జూన్ 12, శుక్రవారం

వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు

సంఘ సభ్యులందరికీ తెలియజేయడమేమంటే, 2026 జూన్ 7న జరిగిన కార్యవర్గ సమావేశ నిర్ణయం ప్రకారం, మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం ఈ కింది విధంగా జరుగుతుంది.

వారం: ఆదివారం
తేదీ: 2026 జులై 5
సమయం: ఉదయం 10.00 గంటలకు
స్థలం: మన అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్

చర్చించే విషయాలు:
1. గత సర్వసభ్య సమావేశం మినిట్స్ ఆమోదం.
2. 2025-26 సంవత్సరం ఆడిట్ అయిన జమా ఖర్చుల ఆమోదం.
3. నెలవారీ మెయింటెనెన్స్‌ను ఫ్లాటుకు 2,000 రూపాయల నుంచి 2,400 రూపాయలకు పెంచే ప్రతిపాదన.
4. 2026-27 సంవత్సరానికి ఆడిటర్ నియామకం.
5. అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు.

ఉదయం 10.30 గంటల వరకు కోరం (12 మంది సభ్యులు) లేకపోతే సమావేశం 2026 జులై 12, ఆదివారం, ఉదయం 10.00 గంటలకు ఇదే స్థలంలో జరుగుతుంది.

జులై 5 ఉదయం 9.00 గంటలకల్లా సెల్లార్‌లోని వాహనాలు తీసి సహకరించగలరు. జమా ఖర్చుల ప్రతి ఈ నోటీసుకు జతచేశాము.

ఇట్లు
సెక్రటరీ (సంతకం, ముద్ర)

మూడో అంశం చూడండి. "మెయింటెనెన్స్ విషయం" అని ఊరికే రాసి ఉంటే ఊళ్లో లేని ఓనర్, ఏదో మామూలు చర్చే అనుకుని రాడు. తర్వాత 400 రూపాయలు ఎక్కువ కట్టమంటే "ఇది నాకు చెప్పలేదే" అంటాడు, ఆ మాటలో న్యాయం ఉంది. డబ్బు కట్టించే ప్రతి విషయానికీ పాత అంకె, కొత్త అంకె నోటీసులోనే ఉండాలి. "ఇతర విషయాలు" కింద బల్బులు, నీళ్ల ట్యాంకు శుభ్రం లాంటివి మాట్లాడుకోవచ్చు కానీ డబ్బు తీర్మానాలు చేయకూడదు.

అచ్చు వేసే ముందు ఈ ప్రతిని సంఘం వ్యవహారాలతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, "మీటింగ్ ఎప్పుడు?" అని అడగండి. వాళ్లు క్యాలెండర్ వైపు చూడకుండా, మిమ్మల్ని తిరిగి ఏమీ అడగకుండా "జులై 5, ఆదివారం, పొద్దున పదికి" అనగలగాలి.

పంచడం, సంతకాలు తీసుకోవడం

బాడుగకు ఉన్నవాళ్లకు నోటీసు ఇస్తే ఓనర్‌కు ఇచ్చినట్టు కాదు. మన ఉదాహరణలో ఆ 8 ఫ్లాట్ల ఓనర్లు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి వాళ్ల ఇంటికే పంపాలి. చాలా సంఘాల్లో ఈ ఒక్క చోటే పని దెబ్బతింటుంది. వాచ్‌మన్ అన్నకు కాగితాల కట్ట ఇచ్చేస్తే అతను ప్రతి తలుపూ తట్టి ఎవరుంటే వాళ్లకు ఇచ్చేస్తాడు, అతని తప్పేమీ లేదు. ఏ ఫ్లాటుకు ఎవరు సభ్యులో, కాగితం ఎక్కడికి చేరాలో రాసిన జాబితా అతనికి ఇవ్వాల్సింది మీరు.

ఒక రిజిస్టర్‌లో ఫ్లాట్ నంబరు, సభ్యుడి పేరు, అందిన తేదీ, సంతకం అని గళ్లు గీయండి. అందిన తేదీ సభ్యుడే తన చేత్తో వేయాలి. అందరి పేర్ల పక్కనా ఒకే చేతిరాతతో జూన్ 12 అని ఉంటే ఆ రిజిస్టర్‌కు విలువ లేదు. తలుపు తాళం వేసి ఉంటే మళ్లీ వెళ్లండి, జూన్ 17 దాకా దొరకకపోతే ఆ నోటీసునూ స్పీడ్ పోస్ట్ చేసి రసీదు ఆ గడిలోనే అతికించండి. అమెరికా సభ్యుడికి పోస్టుతో పాటు ఆయన సంఘానికి ఇచ్చిన మెయిల్‌కు కూడా పంపి, ఆ మెయిల్ ప్రింటు తీసి పెట్టుకోండి.

నోటీసు బోర్డు మీద, లిఫ్ట్ లోపల అంటించండి, తేదీ కనిపించేలా ఫోటో తీయండి. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టండి, కానీ టైప్ చేసి కాదు, సంతకం చేసిన నోటీసు ఫోటోనే పెట్టండి. మళ్లీ టైప్ చేస్తే అంకె మారే ప్రమాదం ఉంది. బైలాస్‌లో వాట్సాప్ అని లేనంత వరకు అది గుర్తు చేయడానికే పనికొస్తుంది, నోటీసు ఇచ్చినట్టు లెక్కలోకి రాదు. జులై 3 శుక్రవారం సాయంత్రం అదే ఫోటో మళ్లీ పెట్టండి. బెంగళూరు వాళ్లు టికెట్ తీసుకునేది అప్పుడే.

పంచాక తప్పు కనిపిస్తే

బోర్డు మీద నోటీసును పెన్నుతో దిద్దకండి. దిద్దింది ఎవరో, ఎప్పుడో చెప్పలేం, ఇళ్లల్లో ఉన్న కాగితాలు దిద్దినట్టూ కాదు. పాత నోటీసు నంబరు, తేదీ చూపిస్తూ సవరణ నోటీసు ఇవ్వండి: "2026 జూన్ 12 నాటి నోటీసు నంబరు 2లో వారం శనివారం అని పొరపాటున పడింది. సమావేశం 2026 జులై 5, ఆదివారం, ఉదయం 10.00 గంటలకు జరుగుతుంది. మిగతా విషయాల్లో మార్పు లేదు." దీనికీ అవే సంతకాలు, అదే రిజిస్టర్.

ఆ సవరణ జూన్ 20 లోపు అందరికీ అందితే మీటింగ్ జులై 5నే పెట్టుకోవచ్చు. ఆ తేదీ దాటాక తప్పు బయటపడితే, అది వారం తప్పైనా సరే, మొండిగా ముందుకు వెళ్లొద్దు. కమిటీలో మాట్లాడి, 14 నిండు రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి, అవి సరిపోయే ఆదివారానికి మీటింగ్‌ను జరపండి. ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే మెయింటెనెన్స్ పెంపు అన్నాళ్లు ఆగుతుంది, అంతే. తప్పు నోటీసు మీద చేసిన తీర్మానాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే ఏడాది పొడుగునా వసూలు చేసిన డబ్బుకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీటింగ్ రోజు

హాజరు పుస్తకం 9.45కే బల్ల మీద పెట్టండి. 10.30కి సంతకాలు లెక్కపెట్టండి. 12 ఉంటే మొదలుపెట్టండి. 11 ఉంటే, ఎంత మంది "కానీండి సార్, అందరూ వచ్చినట్టే" అన్నా మొదలుపెట్టకండి. "10.30 గంటలకు 11 మంది హాజరు, కోరం లేనందున సమావేశం 2026 జులై 12, ఆదివారం, ఉదయం 10.00 గంటలకు వాయిదా" అని అక్కడే మినిట్స్ పుస్తకంలో రాసి, వచ్చిన వాళ్లతో సంతకాలు చేయించండి. అదే వాక్యం ఆ రోజు సాయంత్రంలోపు బోర్డు మీద, గ్రూపులో పెట్టండి. వాయిదా మీటింగ్‌కు మళ్లీ నోటీసు ఇవ్వాలని బైలాస్‌లో ఉంటే ఇవ్వండి. వాయిదా మీటింగ్‌లో మొదటి నోటీసులోని అంశాలు తప్ప కొత్త అంశం ఒక్కటీ చేర్చకూడదు.